మాట కలపడానికి ముందు



మైదుకూరులో ఒక అబ్బాయి ఉన్నాడనుకుందాం. ఊళ్లో ఎవరినీ మనసులో పెట్టుకొని చెప్పడం లేదు. అక్కడొకరిలో, ఇక్కడొకరిలో చూసిన సంగతులను కలిపి ఒక మనిషిని చేశాను. ఇరవై మూడేళ్లవాడు. డిగ్రీ అయిపోయింది. నాయనకు ఎరువుల అంగడి ఉంది. పొద్దున అంగట్లో కూర్చుంటాడు, మధ్యాహ్నం బస్సెక్కి ప్రొద్దుటూరికి బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు పోతాడు. ఆ క్లాసులో ఒకమ్మాయి ఉంది. ఆ అమ్మాయంటే ఇతనికి ఇష్టం. క్లాసులు మొదలై నెలలు గడిచినా ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదు.

అంగట్లో చూస్తే ఇతన్ని నోరు లేనివాడని ఎవరూ అనరు. పసుపు మడిలో దుంపకుళ్లు కనపడిందని రైతు వస్తే, పైరుకు ఎన్ని నెలలు, నీళ్లు నిలబడినాయా, ఆకు కొస నుంచి ఎండుతోందా అంచు నుంచా అని వరసగా అడుగుతాడు. జవాబు పూర్తయ్యేదాకా ఆగుతాడు. పాత బాకీ తీర్చకుండా మళ్లీ అప్పు అడిగిన మనిషికి, ఆయన మొహం చిన్నబోకుండా కాదని చెప్తాడు. అడగడం, వినడం, కాదనడం, ఈ మూడూ వచ్చినవాడికి మాట్లాడటం రాదని ఎట్లా అంటాం?

కాబట్టి ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. కొందరికి సంభాషణ ఎట్లా మొదలుపెట్టాలో, ఎట్లా సాగించాలో నిజంగానే తెలియదు. ఎక్కువమందికి తెలుసు, కానీ భయం దాన్ని నోటిదాకా రానివ్వదు. అంగట్లో మాటకు ఒక పని ఉంది, ఆ పని వెనక మనిషి దాక్కోవచ్చు. పని లేని మాట దగ్గర ఆ చాటు ఉండదు. ఎదుటి మనిషి మన సరుకును కాక మనల్నే తూకం వేస్తున్నట్టు ఉంటుంది. ఇలాంటివాడికి స్నేహితులు ఇచ్చే సలహా ఏమిటంటే, మొదట ఏం చెప్పాలో రాసుకొని బట్టీ పట్టమని. అది పనిచేయదు. తెలియనివాడికైతే వాక్యం కొంత సాయపడుతుందేమో, భయపడేవాడికి ఆ వాక్యం మర్చిపోతానేమోనన్న ఇంకో భయం కొత్తగా వస్తుంది.

భయానికి మందు అభ్యాసమేనని తన మీద తానే ప్రయోగం చేసుకొని చూసిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు ఆల్బర్ట్ ఎల్లిస్. తర్వాతి కాలంలో అమెరికాలో పేరుమోసిన మానసిక చికిత్సకుడు అయ్యాడు. 1933లో మాత్రం ఆడపిల్లలతో మాట్లాడాలంటే వణికిపోయే పంతొమ్మిదేళ్ల కుర్రవాడు. న్యూయార్క్‌లో తమ ఇంటికి దగ్గర్లో బ్రాంక్స్ వృక్షోద్యానం ఉంది. అక్కడ బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న ఏ స్త్రీ కనిపించినా అదే బెంచీ మీద కూర్చోవాలి, నిమిషం లోపల మాట మొదలుపెట్టాలి అని తనకు తానే షరతు పెట్టుకున్నాడు. ఆయన స్వయంగా చెప్పుకున్న లెక్క ప్రకారం 130 మంది దగ్గర కూర్చున్నాడు. ముప్పై మంది వెంటనే లేచిపోయారు. మిగతా వందమందితో పక్షుల గురించి, పూల గురించి, చేతిలో ఉన్న పుస్తకం గురించి ఏదో ఒకటి మాట్లాడాడు. ఆ వందలో ఒకే ఒక్కామె మళ్లీ కలుద్దామంది. అనుకున్న రోజు ఆమె కూడా రాలేదు.

ఫలితం చూస్తే సున్నా. కానీ ఎల్లిస్ దాన్ని ఓటమిగా లెక్కవేయలేదు. తను భయపడింది ఏదీ జరగలేదని గమనించాడు. ఎవరూ కేకలు పెట్టలేదు, ఎవరూ పోలీసులను పిలవలేదు, లేచిపోయినవాళ్లు లేచిపోయారు, ఆయన మాత్రం బతికే ఉన్నాడు. ఆ ప్రయోగం తర్వాత కొత్తవాళ్లతో మాట్లాడటమనే భయం చాలావరకు పోయిందని చెప్పుకున్నాడు.

ఈ కథను మన కుర్రవాళ్లకు స్ఫూర్తిగా చెప్పేవాళ్లు ఉన్నారు. నేను ఆ పని చేయను. ప్రొద్దుటూరులో ఎవరైనా ఇట్లా బెంచీ బెంచీకీ తిరిగితే మూడో బెంచీ దగ్గరే కథ ముగుస్తుంది, ముగియాలి కూడా. ఎల్లిస్‌కు పోయేదేమీ లేదు, నిజమే. ఆ బెంచీల మీద ప్రశాంతంగా కూర్చుందామని వచ్చిన 130 మంది సంగతి ఏమిటి? వాళ్లలో ముప్పై మంది తమ చోటు వదులుకొని పోవలసి వచ్చింది. ఒకరి అభ్యాసానికి ఇంకొకరు, తమకు తెలియకుండా, ఖర్చు భరించాల్సి రాకూడదు. ఎల్లిస్ దగ్గర నేర్చుకోవలసింది రెండే: పదే పదే చేయడం, జరుగుతుందని భయపడినదాన్ని నిజంగా జరిగినదానితో పోల్చుకోవడం.

ఈ చిక్కును 1970లలో ఇద్దరు పరిశోధకులు పద్ధతిగా విప్పారు. ఆండ్రూ క్రిస్టెన్సెన్, హాల్ ఆర్కోవిట్జ్ అని వాళ్ల పేర్లు. అమెరికాలో కాలేజీ విద్యార్థుల్లో, ఇష్టమైనవాళ్లతో బయటికి పోవాలని ఉండి పోలేనివాళ్లను పోగుచేశారు. వాళ్లను ఒక అబ్బాయి, ఒక అమ్మాయి చొప్పున జతచేసి, కలిసి కాసేపు గడిపి రమ్మన్నారు. తర్వాతిసారి ఇంకొకరితో జత. ఇద్దరికీ ముందే తెలుసు, ఇది సాధన మాత్రమేనని, ఎదుటివాళ్లూ తనలాగే బెరుకు మనుషులేనని. 1974లో, 1975లో వాళ్లు ఆ ఫలితాలు ప్రచురించారు. ఏ సాధనా చేయకుండా ఆగినవాళ్లతో పోలిస్తే వీళ్లలో బెరుకు తగ్గింది. నాకు ఆసక్తిగా తోచింది ఇంకొకటి. కొన్ని జతలకు, ఎదుటి మనిషికి నీలో ఏం నచ్చింది, ఏం మార్చుకుంటే బాగుంటుంది అని చీటీలు అందించారు. మిగతావాళ్లకు ఏ చీటీలూ లేవు. చీటీలు అందుకున్నవాళ్లు అందుకోనివాళ్ల కంటే ఎక్కువేమీ బాగుపడలేదు. విమర్శ అందినందువల్ల కాదు, పోయి కూర్చొని మాట్లాడినందువల్లే ఫలితం వచ్చిందన్నమాట.

మైదుకూరులో అట్లా జతలు కలిపే విశ్వవిద్యాలయం లేదు. ఉన్నా ఇంట్లో ఒప్పుకోరు. అయితే ఆ ఏర్పాటులో భారం లేకుండా చేసినదేదో పట్టుకుంటే చాలు. ఎదుటి మనిషి నుంచి మనకేమీ అక్కర్లేదు. మనతో మాట్లాడినందుకు ఆ మనిషికి చెడ్డపేరు రాదు. మాట ఇష్టం లేకపోతే ఆ మనిషి పోవచ్చు. ఈ చివరిదాన్ని మన అబ్బాయిలు అసలు ఆలోచించరు. మందుల షాపులో కౌంటరు దగ్గర నిలబడిన అమ్మాయి నవ్వుతూ మాట్లాడుతుంది, అది ఆమె ఉద్యోగం. మనం వద్దనిపించినా కౌంటరు వదిలి ఎక్కడికి పోతుంది? బస్సులో కిటికీ వైపు కూర్చున్న మహిళకూ లేచి పోయే దారి లేదు. ఇవి మనకు తేలికగా కనిపిస్తాయి కానీ వాళ్లకు తేలిక కాదు. అభ్యాసానికి పనికిరావు.

పనికొచ్చేవి మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. టీ అంగడి బల్ల మీద పేపరు చదివే ముసలాయన, పాత క్లాసుమేటు వాళ్లమ్మ, పెళ్లిలో పక్క విస్తరి ముందు కూర్చున్న మనిషి, ఉరుసులో, తిరునాళ్లలో పలకరించే దూరపు చుట్టం. అమ్మాయిలకైతే బస్సులో నడవా వైపు కూర్చున్న పెద్దమ్మ, కుట్టుమిషను నేర్పే అక్క, లైబ్రరీలో తోటి విద్యార్థిని. అమ్మాయిలకు ఎవరూ ఇష్టమవ్వరన్నట్టు, ఈ బెరుకంతా అబ్బాయిలదే అన్నట్టు మాట్లాడటం మనకు అలవాటైంది. నేను చెప్పబోయేది ఇద్దరికీ వర్తిస్తుంది. ఉదాహరణ అబ్బాయిది తీసుకున్నాను, అంతే.

ఇప్పుడు మన అబ్బాయిని మైదుకూరు బస్టాండులో ప్రొద్దుటూరు బస్సెక్కిద్దాం. ముప్పావుగంట ప్రయాణం అనుకోండి. మనవాడు కిటికీ వైపు, పక్కన నడవా వైపు ఒక పెద్దాయన కూర్చున్నాడు, వద్దనుకుంటే లేచి పోవచ్చు. మనవాడు ధైర్యం చేశాడు.

“యాడికి పెద్దాయనా?”

“పొద్దుటూరికి.”

“ఏం పని?”

“ఆస్పత్రికి.”

“ఎవురికి బాగల్యా?”

“నాకే.”

“ఏమైంది?”

ఇక్కడ పెద్దాయన అవతలి వైపు తిరిగాడు. తిరగడా మరి? నాలుగు ప్రశ్నలు, ఒక్కదానికీ ఇతని వైపు నుంచి మాట లేదు. స్టేషన్‌లో ఎస్సై అడిగినట్టుంది. మాట్లాడాలని నిర్ణయించుకున్న పిరికివాడు చేసే మొదటి తప్పు ఇదే. నిశ్శబ్దం వస్తుందేమోనని, జవాబు వినకుండానే తర్వాతి ప్రశ్న తయారు చేసుకుంటాడు. మన వైపు ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఏ ఊరు, ఎవరి తాలూకు అని మొదలైన మాట రెండు నిమిషాల్లో కులం దగ్గరికి జారుతుంది. పెద్దవాళ్లు ఆ దారిలో నడిపిస్తే ఆపడం మన చేతిలో ఉండదు, మనంగా మాత్రం ఆ దారి పట్టకూడదు. ఆ ప్రశ్నకు జవాబు వచ్చాక మాట్లాడుకోవడానికి ఇంకేమీ మిగలదు, అది వేరే సంగతి.

మరో రోజు, మరో పెద్దాయన. ఈసారి మనవాడు కళ్లతో మొదలుపెట్టాడు.

“ఎర్రగడ్డలు పెరుకుతాండారా పెద్దాయనా? చేతుల మన్ను ఇంగా పోల్యా.”

“పెరికినాం నాయనా, నిన్నటికి అయిపోయ. కొనేవాడే ల్యా.”

“మా అంగడికి వచ్చేవాళ్లూ అదే చెప్తాండారు. మాది ఎరువుల అంగడిలే. కర్నూలుకు తోలుతారా మరి?”

“కర్నూలుకు తోలితే బాడిగక్కూడా రాదు. ఆ మద్దెన ఒకతూరి తాడేపల్లిగూడెం దాకా తోలితి.”

“అంత దూరమా! లారీతో మీరే పోయినారా?”

“నేనే పోయినా. రాత్రంతా ఆ డ్రైవరు కత జెప్తానే ఉన్న్యాడు, నన్ను నిద్రపోనిస్తే గద!”

“ఏం కత?”

ఇక ప్రొద్దుటూరు వచ్చేదాకా డ్రైవరు కథే. మనవాడు తెలివైన మాట ఒక్కటీ అనలేదు, గమనించండి. మొదట కంటికి కనిపించినదాన్ని అన్నాడు. తర్వాత తన గురించి ఒక్క ముక్క చెప్పాడు, మాది ఎరువుల అంగడని. అది లేకపోతే ఇదంతా ఆరా అవుతుంది. ఆపైన ప్రతి ప్రశ్నా పెద్దాయన చెప్పిన జవాబులోంచే వచ్చింది. తాడేపల్లిగూడెం అన్న మాట దగ్గర ఆగాడు, డ్రైవరు కథ దగ్గర ఆగాడు. జవాబులోంచి పుట్టిన ప్రశ్న అడిగేవాళ్లు ఎదుటివాళ్లకు నచ్చుతారని 2017లో హార్వర్డ్ పరిశోధకులు సంభాషణలను పరిశీలించి చూపించారు. కారణం తేలికే. అట్లాంటి ప్రశ్న వినకుండా అడగలేం. అంగట్లో దుంపకుళ్లు గురించి అడిగేటప్పుడు మనవాడు రోజూ చేస్తున్నది ఇదే. ఆ పనినే ఇప్పుడు పని లేని చోటికి తెచ్చుకున్నాడు.

ఇక్కడొక చిన్న రాత అవసరం. పెద్దాయనతో మాట్లాడేముందు మనవాడు ఫోన్లో ఒక వాక్యం రాసుకోవాలి. ఏమవుతుందని భయమో అది, ఎంత నమ్మకమో పదికి ఒక అంకె. “మొహం తిప్పుకుంటాడు, వెనక సీటువాళ్లు నవ్వుతారు, పదికి ఎనిమిది.” దిగినాక కింద ఇంకో వాక్యం. “మొహం తిప్పుకోలేదు. వెనక సీటాయన బస్సు కదలకముందే నిద్రపోయినాడు.” ఇది తమాషాకు చెప్పడం లేదు. భయం అన్నది జరగబోయేదాని గురించి ఒక అంచనా. అంచనా రాసిపెట్టకపోతే, అది తప్పిన రోజున కూడా మనసు ఒప్పుకోదు, ఈసారి ఏదో కలిసొచ్చిందంటుంది. 2022లో గిలియన్ శాండ్‌స్ట్రామ్, ఆమె సహచరులు ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థులను వారంపాటు రోజూ కొత్తవాళ్లను వెతికి పట్టుకొని మాట్లాడమన్నారు, ఆటలా. మొదట్లో వాళ్లు ఊహించుకున్నంతగా ఎవరూ కాదనలేదు. రోజురోజుకూ వాళ్ల అంచనాలు నిజానికి దగ్గరవుతూ వచ్చాయి. వారం ముగిశాక కూడా ఆ మార్పు నిలిచింది. ఒక్కసారి మాట్లాడినందువల్ల ఆ మార్పు రాదు, మళ్లీ మళ్లీ మాట్లాడితేనే వస్తుంది.

కానీ వందసార్లు మాట్లాడినా భయం తగ్గనివాళ్లు ఉంటారు. వాళ్లను గమనిస్తే కారణం దొరుకుతుంది. మాట్లాడుతూ ఫోను చేతిలో తిప్పుతుంటారు, కళ్లు దాని మీదే ఉంటాయి. లేకపోతే గబగబా మాట్లాడి ముగించేస్తారు. స్నేహితుణ్ణి పక్కన పెట్టుకోకుండా ఎవరితోనూ మాట్లాడరు. మనసులో మాత్రం, నా గొంతు వణుకుతోందా, చెమట కనిపిస్తోందా అని తమనే చూసుకుంటూ ఉంటారు. పల్లెల్లో పిల్లలకు మునగబెండ్లు కట్టి బావిలో దింపుతారు కదా. బెండ్లు ఉన్నన్నాళ్లూ తేలుతున్నది తానా, బెండ్లా అన్నది ఆ పిల్లవాడికి తెలియదు. అందుకే తేలికైన చోట్ల ఒక్కొక్క బెండు విప్పి చూడాలి. టీ అంగట్లో ఫోను జేబులో పెట్టి మాట్లాడాలి. ఇంకో రోజు కావాలనే నిదానంగా మాట్లాడాలి. మరో రోజు మధ్యలో నిశ్శబ్దం వస్తే దాన్ని నింపకుండా టీ తాగుతూ కూర్చోవాలి. ఆ నిశ్శబ్దాన్ని చాలాసార్లు ఎదుటి మనిషే నింపుతాడు. అది కళ్లారా చూసినవాడికి నిశ్శబ్దమంటే భయం సగం పోతుంది.

ఎట్లా ముగించాలన్నది ఎవరూ నేర్పరు. నా దృష్టిలో మొదలుపెట్టడం కంటే ముందు నేర్చుకోవలసింది ఇదే. ఎదుటి మనిషికి చాలనిపించిందని ఎట్లా తెలుస్తుంది? జవాబులు చిన్నవవుతాయి. తిరిగి ప్రశ్న రాదు. పాదాలు వేరే వైపు తిరుగుతాయి. సంచి సర్దుకోవడం, ఫోను చూడటం మొదలవుతుంది. “సరే”, “ఊఁ” అన్నవి రెండుసార్లు వరసగా వినపడతాయి. వీటిలో ఒక్కటి కనపడితే ఆగి చూడాలి, రెండు కనపడితే ముగించాలి. “సరే పెద్దాయనా, మంచిది, ఇంగ మీరు కాసేపు కునుకు తీయండి” అంటే చాలు. అభ్యాసంలో ప్రతి సంభాషణనూ మనవాడే ముందుగా ముగించాలి, ఎదుటివాళ్లకు ఇంకా కొంచెం మాట ఉండగానే. రెండు లాభాలున్నాయి ఇందులో. చిక్కుకుపోతానన్న భయం పోతుంది, ఎప్పుడంటే అప్పుడు లేవగలిగినవాడు కూర్చోవడానికి వెనకాడడు. దానికంటే ముఖ్యం, వద్దన్న సైగను వద్దని చదవడం అలవాటవుతుంది. మన తెలుగు సినిమాలు దశాబ్దాలుగా దీనికి తలకిందులుగా నేర్పాయి. హీరోయిన్ మొహం తిప్పుకుంటే హీరో ఇంకో పాట పాడతాడు.

కొన్ని వారాలు గడిచాయి. ఇప్పుడు కోచింగ్ క్లాసు. మనవాడు నేరుగా ఆ అమ్మాయి దగ్గరికి పోడు. క్లాసులో ఇంకా ముప్పై మంది ఉన్నారు, అబ్బాయిలు, అమ్మాయిలు. రీజనింగ్‌లో సీటింగ్ లెక్కలు ఇతనికి బాగా వస్తాయి, ఇంగ్లీషు రాదు. విరామంలో నలుగురు కలిసి నిన్నటి పేపరు చూసుకుంటుంటే ఇతనూ చేరతాడు. “ఆ ఏడో లెక్కకు మీకేమొచ్చింది?” అని అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వీళ్లు అభ్యాసం కోసం వాడుకునే మనుషులు కాదు, తోటి విద్యార్థులు. వాళ్లతో మాట అన్నది దేనికో మెట్టు అనుకుంటే అది మొహంలో కనిపిస్తుంది, అమ్మాయిలు దాన్ని చాలా త్వరగా పసిగడతారు. నిజంగా లెక్క గురించే మాట్లాడాలి. ఆ గుంపులో ఆమె కూడా ఉన్న రోజున ఆమెతోనూ లెక్క గురించే.

చోటు గురించి ఒక మాట. పక్కన ఎవరూ లేనప్పుడు మాట్లాడితే తేలిక అని అబ్బాయిలు అనుకుంటారు. ఇతనికి తేలికే, చూసేవాళ్లు ఉండరు కాబట్టి. ఆమెకు అది అన్నిటికంటే బరువైన చోటు. బస్టాండు వెనక సందులో ఒక అబ్బాయితో నిలబడి మాట్లాడిందన్న కబురు మన ఊళ్లలో ఆమె కంటే ముందు ఇల్లు చేరుతుంది. ఆ తర్వాత కోచింగే మాన్పించవచ్చు. అతని సిగ్గు ఒక సాయంత్రంతో పోతుంది, ఆమె చదువు ఆగిపోతుంది. అందుకని నలుగురూ ఉన్న క్లాసు గది, వెలుతురు, తలుపు దగ్గర ఆమె, ఆమె దారికి అడ్డం రాకుండా ఇతను. పంపిస్తే స్క్రీన్‌షాట్ అయ్యే మెసేజ్ కంటే ఇదే నయం.

ఇట్లా మామూలు మాటలు కొన్నాళ్లు సాగాక, ఆమె కూడా తనంతట తాను ఎప్పుడైనా పలకరిస్తుంటే, తిరిగి ప్రశ్నలు అడుగుతుంటే, అప్పుడొక రోజు చెప్పవచ్చు. “మీతో మాట్లాడటం నాకు బాగుంటుంది. ఆదివారం మాక్ టెస్ట్ అయినాక అందరం టిఫినుకు పోతున్నాం, మీరూ మీ ఫ్రెండూ వస్తారా? కుదరకపోతే ఏం పర్వాలేదు.” ఇంతే. ప్రేమ అన్న మాట ఇందులో లేదు, అది రావలసిన చోటు ఇది కాదు. ఇష్టముందన్నది తెలిసేలా ఉంది, కాదనడానికి తలుపు తెరిచి ఉంది. చెప్పేశాక నోరు మూసుకోవాలి. భయపడేవాడు ఇక్కడ ఆగలేడు, ఒప్పించడానికి కారణాలు చెప్పడం మొదలుపెడతాడు. నిశ్శబ్దంలో టీ తాగడం నేర్చుకున్నది ఈ నాలుగు క్షణాలకు పనికొస్తుంది.

వచ్చే జవాబులు మూడు రకాలు. వస్తానంటే వస్తుంది. రానంటే రాదు. మూడోది మన వైపు ఎక్కువగా వినపడేది: “చూస్తాం”, “ఇంట్లో అడగాల”, “ఆ రోజు పనుంది.” ఇవి మర్యాదగా చెప్పిన “కాదు”లే. నిజంగానే పనుండి, రావాలనీ ఉంటే “పై ఆదివారం అయితే కుదురుతుంది” అని ఇంకో దారి ఆమే చూపిస్తుంది. చూపించకపోతే మళ్లీ అడగకూడదు. ఒక్కసారి అడగడం తప్పు కాదు. ఆసక్తి లేదని స్పష్టంగా తెలిసినా పదే పదే వెంటపడటం, ఫోన్లు, మెసేజ్‌లు చేయడం, ఆన్‌లైన్‌లో కనిపెట్టుకొని ఉండటం 2013 నుంచి మన దేశంలో నేరం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 78వ సెక్షన్, మొదటిసారికే మూడేళ్ల దాకా శిక్ష పడవచ్చు.

ఈ పద్ధతికి హద్దులూ ఉన్నాయి. కొందరికి భయం ఒక్క మనిషి దగ్గరో, ఇష్టమైనవాళ్ల దగ్గరో ఆగదు. అంగట్లో చిల్లర తక్కువిచ్చినా అడగలేరు, ఇంటర్వ్యూకు పిలుపు వచ్చినా పోరు, నలుగురి ముందు తినలేరు, పెళ్లిళ్లు తప్పించుకుంటారు. నెలల తరబడి ఇట్లా ఉండి, చదువో పనో దెబ్బతింటుంటే, దాన్ని సిగ్గు అని వదిలేయకూడదు. వైద్యం ఉంది, ఆ వైద్యంలో కూడా ఇదే మెట్ల అభ్యాసం ఉంటుంది, పక్కన తెలిసినవాళ్లు ఉంటారు. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇంకొందరు ఈ అభ్యాసంలోనే ఇరుక్కుపోతారు. ఇంకొక వారం, ఇంకొక పెద్దాయన అంటూ అడగవలసిన రోజును వాయిదా వేస్తారు. ఫోన్లో రాసుకున్న అంకెలు ఎనిమిది నుంచి మూడుకో నాలుగుకో దిగి అక్కడే నిలబడితే, ఇక బస్సులో నేర్చుకునేది లేదని అర్థం. సున్నాకు రావాలని కాచుకుంటే ఎప్పటికీ రాదు. ఇష్టమున్నచోట కొంచెం దడ ఉంటుంది, ఉండనివ్వండి.

మన అబ్బాయికి “ఆ రోజు పనుంది” అన్న జవాబు వచ్చిందనుకుందాం. ఆదివారం టిఫినుకు మిగతావాళ్లతో పోయాడు. సోమవారం మళ్లీ అదే క్లాసు, పరీక్షకు ఇంకా చాలా రోజులున్నాయి. ఇప్పుడు బెంచీ మార్చి వెనక్కి పోయి కూర్చుంటే, ఆమె ఏదో తప్పు చేసినట్టు అవుతుంది. మరీ ఎక్కువ కలుపుగోలుగా ఉంటే, ఇంకా ఆశ పెట్టుకున్నాడని ఆమె జాగ్రత్తపడుతుంది. స్నేహితుల దగ్గర ఈ సంగతి చర్చకు పెడితే ఆమె పేరు నలుగురి నోళ్లలో పడుతుంది. కాబట్టి అదే బెంచీ, అదే గుంపు. ఆమెను ప్రత్యేకంగా వెతుక్కోడు, తప్పించుకోడు. ఆమె అడిగితే ఏడో లెక్క చెప్తాడు. రాత్రికి కొంత బాధ ఉంటుంది, దాన్ని అన్నకో నమ్మకమైన ఒక్క స్నేహితుడికో పేరు చెప్పకుండా చెప్పుకోవచ్చు. ఫోన్లో ఆ రోజు రాసుకున్న మొదటి వాక్యం, “నవ్వుతుంది, క్లాసంతా తెలిసిపోతుంది, పదికి ఆరు” అని ఉంది. దాని కింద రెండో వాక్యం ఇంకా రాయలేదు. ఆమె నవ్వలేదు, ఎవరికీ తెలియలేదు, కాదన్నది మాత్రం నిజం. ఆ మూడూ రాసుకోవాలి.